చెక్ డిజిట్ కుదిరినంత మాత్రాన సరుకు అసలుదైపోదు

"బార్‌కోడ్ కింది 13 అంకెల్లో బేసి స్థానాల్లోవి కలిపి 3తో హెచ్చించండి, దానికి సరి స్థానాల్లోవి కలపండి. చివరి అంకె కుదిరితే సరుకు అసలుది, కుదరకపోతే నకిలీ. 890తో మొదలైతే మన దేశంలో తయారైనదే. అందరికీ పంపండి."

ఈ సందేశం ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవారిలో ఒక్కరైనా ఇంట్లో ఉన్న ఒక్క ప్యాకెట్ మీద ఈ లెక్క వేసి చూసి ఉంటే, దీన్ని ఇంకొకరికి పంపి ఉండేవారు కాదు.

890 అంటే ఆ సంఖ్యల వరుస బార్‌కోడ్ సంఖ్యలు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియా కేటాయించినదని మాత్రమే అర్థం. తయారైన దేశం పేరు ప్యాకెట్ మీద అక్షరాల్లోనే వెతుక్కోవాలి.

అసలు హాని లెక్కలో ఉంది. 13 అంకెల కోడ్‌లో ఎడమ నుంచి లెక్కించినప్పుడు 3తో హెచ్చించవలసినవి సరి స్థానాలు, బేసి స్థానాలు కావు. 890123456789 అనే పన్నెండు అంకెలను తీసుకోండి. బేసి స్థానాల మొత్తం 8+0+2+4+6+8, అంటే 28. సరి స్థానాల మొత్తం 9+1+3+5+7+9, అంటే 34. మూడింతలు చేస్తే 102. రెండూ కలిపితే 130, పదితో నిశ్శేషంగా పోతుంది కాబట్టి పదమూడో అంకె, అంటే లెక్క సరిచూసే చెక్ డిజిట్, 0. సందేశంలో చెప్పినట్లు చేస్తే 84కు 34 కలిసి 118 వస్తుంది, పదితో పోవాలంటే చెక్ డిజిట్ 2 కావాలని తేలుతుంది. ఈ తప్పుడు లెక్క పట్టుకుని మా వీధి కిరాణా కొట్టులో ఒకాయన నూనె ప్యాకెట్ నకిలీదని పది మంది ముందు గొడవ పెట్టుకున్నారు. ఆ కొట్టతను చేసిన నేరమేమిటి?

ఇప్పుడు పై సంఖ్యనే మళ్లీ చూడండి. 8901234567890 నేను వరుసగా రాసుకుపోయిన అంకెలు, అయినా పరీక్ష నెగ్గింది. నకిలీ సరుకు చేసేవాడు అసలు ప్యాకెట్ మీది కోడ్‌నే ముద్రిస్తాడు, అందులో చెక్ డిజిట్ కూడా వచ్చేస్తుంది. ఇది ఇంతమందికి ఎందుకు తట్టడం లేదు?

అయితే ఒకటి ఒప్పుకోవాలి. స్కానర్ పనిచేయక అంకెలను చేత్తో కొట్టేటప్పుడు, ఫొటో నుంచి చదివేటప్పుడు ఈ పరీక్ష నిజంగా అవసరం. 6ను 8గా చదివితే మొత్తం 132 అవుతుంది, తప్పు బయటపడుతుంది. మొదటి అంకె గీతలకు ఎడమవైపు విడిగా ఉంటుంది కాబట్టి ఫొటో కత్తిరించేటప్పుడు తరచుగా పోతుంది. ముందుగా పదమూడూ వచ్చాయో లేదో లెక్కపెట్టుకోవాలి. ఏ ఒక్క అంకె మారినా ఈ నియమం పట్టేస్తుంది, కానీ పక్కపక్కనున్న 2, 7 తారుమారైతే మొత్తంలో తేడా సరిగ్గా పది కాబట్టి పట్టలేదు. 1, 6 తారుమారైనా అంతే. అలాంటి చోట గీతలను స్కాన్ చేసి వచ్చిన సంఖ్యను కింద ముద్రించిన అంకెలతో ఒక్కొక్కటిగా పోల్చి చూడవలసిందే.