ఇప్పుడే వస్తున్నాయి మీ జవాబులు

ఈమధ్య ఒక వెబినార్ స్క్రిప్టు నా చేతికొచ్చింది. అక్షరదోషాలు దిద్ది పెట్టమన్నారు. విషయం 'కస్టమర్ మాట వినడం ఎలా'. నిడివి 45 నిమిషాలు. నాలుగు గళ్ల పట్టిక: టైము, స్లైడు, చెప్పాల్సిన మాట, చేయాల్సిన పని. 12:40 దగ్గర, చివరి గడిలో ఇలా ఉంది: "పోల్ తెరుచుకుంటుంది. వక్త పక్కకు చూసి ఆశ్చర్యపోవాలి."

దేనికి ఆశ్చర్యపోవాలో రాయలేదు. ఎలా రాస్తారు? రికార్డింగ్ మంగళవారం, ప్రసారం గురువారం. వక్తగారు ఆశ్చర్యపోయే వేళకి ఆ పోల్‌లోని ప్రశ్న చూసేవాళ్లని ఇంకా అడగనేలేదు. పూర్వం భవిష్యత్తు తెలియాలంటే ఋషులు ఏళ్లతరబడి తపస్సు చేసేవారు. ఇప్పుడు ఒక రింగ్ లైటు చాలు.

గురువారం నేనూ కూర్చుని చూశాను. 'లైవ్' అని ఎర్రచుక్క వెలుగుతోంది. 12:40కి పోల్ వచ్చింది. వక్త పక్కకు చూశారు, కనుబొమలు ఎగరేశారు. "అబ్బో, జవాబులు వరదలా వస్తున్నాయి! ఎక్కువమంది రెండో ఆప్షనే అంటున్నారు. నేను అనుకున్నదే!" పక్కన డబ్బాలో మాత్రం మూడో ఆప్షన్‌కి 71 శాతం పడింది. రెండోదానికి పడింది ఆరు శాతం. వక్త ఆగలేదు. ఆ ఆరు శాతాన్ని మెచ్చుకుంటూ, రెండో ఆప్షన్ కోసమే చేయించిన పద్నాలుగో స్లైడులోకి వెళ్లిపోయారు. నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకి ఆ వీడియో ఇంకొన్ని సెకన్లు వెనకబడి ఉంటుంది కాబట్టి, పోల్ మూసేశాక వాళ్లకి "త్వరగా నొక్కండి" అని వినబడి ఉంటుంది.

అసలు వేడుక మర్నాడు. తీరిక లేక చూడలేకపోయినవాళ్లకి రికార్డింగ్ లింకు పంపారు. పోల్ డబ్బా అనేది వీడియోలో భాగం కాదు, ప్లాట్‌ఫామ్ దాన్ని విడిగా చూపిస్తుంది. అందుకని రికార్డింగ్‌లో చాలాసార్లు అది కనబడదు. స్క్రిప్టులో దానికి కేటాయించిన 45 సెకన్లు మాత్రం చెక్కుచెదరవు. అంటే ఏమవుతుందో చూడండి. ఒక పెద్దమనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతాడు. పక్కనున్న గోడని చూస్తాడు. చిరునవ్వు నవ్వుతాడు. తల ఊపుతాడు. పది సెకన్లు, ఇరవై సెకన్లు. స్క్రిప్టులో ఉంది గనక ఒక గుక్క నీళ్లు తాగుతాడు. మళ్లీ గోడని చూసి "అద్భుతం!" అంటాడు. ఇంట్లోవాళ్లయితే డాక్టరుకి ఫోన్ చేసేవారు.

దీనికి మందు లేక కాదు. పోల్ ముందు వరకు ఒక ముక్క, తర్వాత మరో ముక్క రికార్డు చేసి, మధ్యలో ఒక మనిషి నిజంగా లైవ్‌లోకి వచ్చి ఫలితం చదివితే సరిపోతుంది. మనిషి దొరక్కపోతే, ఏ జవాబు వచ్చినా చెల్లే మాట రాసుకోవాలి: "మొదటిది నొక్కినవాళ్లకి ఒక మాట, మూడోది నొక్కినవాళ్లకి ఇంకో మాట." లింకు పంపే ముందు ఆ 45 సెకన్లు కత్తిరించి, ఫలితాన్ని స్లైడుగా అతికిస్తే గోడకి కూడా విశ్రాంతి. అంతా కలిపి ఒక పూట పని.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. 38:00 దగ్గర ప్రశ్నోత్తరాలు మొదలవుతాయి. స్క్రిప్టులో ఐదు ప్రశ్నలున్నాయి, ఐదూ రాసింది జవాబులు రాసిన చెయ్యే. ప్రతి జవాబుకీ ముందు "చాలా మంచి ప్రశ్న" అని ఉంది. రాసుకున్నవాళ్లకి మంచిదే అనిపిస్తుంది మరి. ఎవరూ నోరు విప్పకపోతే మొదలుపెట్టడానికి ఒకటో రెండో ప్రశ్నలు దగ్గర ఉంచుకోవడం తప్పు కాదు, అందరూ చేసేదే. ఐదుకి ఐదూ అవే అయితే చూసేవాళ్లకి ప్రశ్నల డబ్బా తెరవడం దేనికి?

ఎందుకు అడుగుతున్నానంటే, ఆ డబ్బాలో ఒకావిడ నిజంగానే అడిగింది. రెండుసార్లు డబ్బు కట్ అయిందట, మూడు వారాలుగా మెయిల్స్ పెడుతోందట, ఎవరిని అడగాలని. రెండోసారీ అడిగింది. మూడోసారి "ఎవరైనా ఉన్నారా?" అని మాత్రం రాసింది. లేరు! మంగళవారమే లేచి వెళ్లిపోయారు! వినడం గురించి ముప్పావు గంట ఊదరగొట్టిన పెద్దమనిషి, ఆవిడ టైప్ చేస్తుంటేనే, వారం కిందట రాసిపెట్టిన మాటని గుండెమీద చెయ్యేసుకుని చదివాడు: "ప్రశ్నలు ఇంకా చాలా ఉన్నాయి, సమయం లేదు." ప్రశ్న పుట్టకముందే దానికి సమయం లేదని రాసుకున్నవాడికి సిగ్గుండక్కర్లేదా? ఇది టెక్నాలజీ లోపం కాదు, శుద్ధ అబద్ధం. రికార్డింగ్ అని ఒక్క ముక్క పైన రాస్తే ఆవిడ సాయంత్రం ఆవిడకి మిగిలేది.

ఇదంతా వాళ్లకి ఉత్తరం రాశాను. వచ్చే నెల వెబినార్ స్క్రిప్టు నిన్న వచ్చింది. నా సూచనలు పాటించారట. పోల్ దగ్గర చివరి గడి చూశాను.

"వక్త పక్కకు చూసి కొద్దిగా మాత్రమే ఆశ్చర్యపోవాలి."