పీఎఫ్ పింఛను పిల్లలకు 18 ఏళ్లకే ఆగిపోతుందా?

"తండ్రి చనిపోతే పిల్లలకు వచ్చే పీఎఫ్ పింఛను 18 నిండగానే ఆగిపోతుంది. కాలేజీలో చదువుతుంటే ఏటా బోనఫైడ్ ఇస్తే చదువు అయ్యేదాకా వస్తుంది. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే పిల్లలదీ పోతుంది. అందరికీ పంపండి."

18 అన్నది పీఎఫ్ పింఛను పథకమైన ఈపీఎస్-95లో లేదు. ఉన్నది 25. బిడ్డ బడికి వెళ్తున్నా, చదువు మానేసి ఇంట్లో ఉన్నా 25 నిండేదాకా ఇస్తారు. మరి 18కి ఆగిందని చెప్పేవాళ్లంతా అబద్ధమాడుతున్నారా? కాదు. మైనర్ పేరున సంరక్షకులు నడిపే ఖాతాను 18 నిండాక మేజర్ ఖాతాగా మార్పించి, కొత్తగా కేవైసీ ఇవ్వాలి. అది చేయకపోతే బ్యాంకు లావాదేవీలు ఆపేస్తుంది. చిక్కు బ్యాంకులో ఉంటే జనం హక్కే పోయిందనుకుంటారు.

బోనఫైడ్ మాట మరీ ప్రమాదం, ఆశ పెడుతుంది కనుక. ఈ పథకంలో వయసుదే లెక్క, చదువుది కాదు. ఎంబీబీఎస్ ముగించి పీజీలో చేరిన అమ్మాయికి మధ్యలో 25 నిండితే పింఛను అక్కడితో సరి. కాలేజీ ఎన్ని కాగితాలిచ్చినా పొడిగించరు. పూర్తి, శాశ్వత వైకల్యమున్న బిడ్డకు మాత్రం జీవితాంతం ఇస్తారు. వయసే లెక్క కనుక, పింఛను దరఖాస్తు ఫారం 10-డిలో పుట్టిన తేదీ సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలి. అక్కడ వయసు ఒక ఏడాది ఎక్కువ పడితే, ఏడాది పింఛను పోయినట్టే.

తల్లి పెళ్లి సంగతి పూర్తిగా తలకిందులు. ఒక ఇల్లు తీసుకుందాం: తల్లికి వితంతు పింఛను నెలకు 4,000. పిల్లలు ముగ్గురు, వయసులు 20, 16, 11. ఒక్కొక్కరికి తల్లి పింఛనులో 25 శాతం, అంటే 1,000. కానీ ఒకేసారి ఇద్దరికే, అదీ పెద్దవాళ్ల నుంచి మొదలుపెట్టి. కాబట్టి ఇంటికొచ్చేది 6,000. మూడోవాడి వంతు పెద్దవాడికి 25 నిండాకే. అప్పటికి వాడికి 16. ఈలోగా తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె 4,000 ఆగుతుంది, పిల్లల పింఛను అనాథ పింఛను స్థాయికి, అంటే 75 శాతానికి పెరుగుతుంది. పెద్దవాళ్లిద్దరికీ చెరి 3,000. మొత్తం మళ్లీ 6,000! తల్లి చనిపోయినా ఇదే లెక్క. అనాథ పింఛను ఒక్కొక్కరికి నెలకు 750కి తగ్గకూడదన్నది 2014 నుంచి ఉన్న నిబంధన.

ఈ భయంతో పెళ్లిని దాచి పింఛను తీసుకుంటున్న వాళ్లు, బయటపడ్డాక తమకు వచ్చిందంతా తిరిగి కట్టాల్సి వస్తుంది. చెప్పి ఉంటే పిల్లల వాటా ఆనాటి నుంచే పెరిగేది.