వడ్డీని ఏ సెక్షన్‌లో రాయాలో మన కంపెనీల చేతిలో లేదు

"క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో వడ్డీ, డివిడెండ్ ఎక్కడ చూపించాలనేది కంపెనీ ఇష్టం. వడ్డీ చెల్లింపుని ఫైనాన్సింగ్‌లో పెట్టిందంటే ఆపరేటింగ్ క్యాష్‌ని ఉబ్బించడానికే, అలాంటి షేరు జోలికి పోకండి. అమెరికా కంపెనీలు నిజాయితీగా ఆపరేటింగ్‌లోనే చూపిస్తాయి. ఇవన్నీ చూసే ఓపిక లేకపోతే సింపుల్ రూల్: ఆపరేటింగ్ క్యాష్ నికర లాభం కన్నా ఎక్కువుంటే కంపెనీ మంచిదే."

ఈ నాలుగు వాక్యాలు చేతులు మారుతూనే ఉన్నాయి. వీటిని నమ్మి కొందరు మంచి కంపెనీని వదిలేసుకుంటున్నారు, కొందరు అప్పుల్లో ఉన్న కంపెనీని శుభ్రమైనదని కొంటున్నారు. అందుకే ఒక్కో మాటా విడిగా తీసుకుంటాను. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అంటే ఏడాదిలో వచ్చిన, పోయిన డబ్బు లెక్క. రోజువారీ వ్యాపారం డబ్బు ఆపరేటింగ్‌లో, ఆస్తులు, పెట్టుబడుల డబ్బు ఇన్వెస్టింగ్‌లో, అప్పులు, వాటాల డబ్బు ఫైనాన్సింగ్‌లో రాస్తారు.

మొదటి మాట పుట్టింది అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 7 నుంచి. అందులో నిజంగానే ఎంపిక ఉంది. వడ్డీ చెల్లింపుని ఆపరేటింగ్‌లో గానీ ఫైనాన్సింగ్‌లో గానీ, వచ్చిన వడ్డీ, డివిడెండ్లను ఆపరేటింగ్‌లో గానీ ఇన్వెస్టింగ్‌లో గానీ, ఇచ్చిన డివిడెండ్‌ని ఫైనాన్సింగ్‌లో గానీ ఆపరేటింగ్‌లో గానీ చూపించుకోవచ్చు. ఏది ఎంచుకున్నా ఏటేటా అదే పాటించాలి. మన దేశంలో లిస్టెడ్ కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 7 మాత్రం ఆ తలుపు మూసేసింది. ఫైనాన్స్ వ్యాపారం కాని కంపెనీ అయితే చెల్లించిన వడ్డీ ఫైనాన్సింగ్‌లోకి, వచ్చిన వడ్డీ, డివిడెండ్ ఇన్వెస్టింగ్‌లోకి, ఇచ్చిన డివిడెండ్ ఫైనాన్సింగ్‌లోకి వెళ్లాలి. అంతే, వేరే దారి లేదు. అంతర్జాతీయ ప్రమాణంలోని ఎంపికను తీసేశామని ఇండ్ ఏఎస్ 7 చివర ఉన్న అనుబంధంలోనే రాశారు. ఇండ్ ఏఎస్ పరిధిలోకి రాని కంపెనీలు వాడే ఏఎస్ 3లోనూ ఇదే నియమం.

ఫైనాన్స్ సంస్థల సంగతి వేరు. వాటికి వడ్డీయే సరుకు, కాబట్టి కట్టిన వడ్డీ, వచ్చిన వడ్డీ రెండూ ఆపరేటింగ్‌లోనే ఉంటాయి. ఇచ్చిన అప్పులు కూడా అక్కడే చేరతాయి. అందుకని వేగంగా పెరుగుతున్న ఎన్‌బీఎఫ్‌సీకి, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీకి, ఆపరేటింగ్ క్యాష్ మైనస్‌లో కనిపించడం మామూలే. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

ఇక రెండో మాట. చట్టం చెప్పిన చోట రాసిన కంపెనీకి దురుద్దేశం అంటగట్టడం అన్యాయం. గుంటూరులో స్పిన్నింగ్ మిల్లు నడిపే లిస్టెడ్ కంపెనీ వడ్డీని ఫైనాన్సింగ్‌లో రాసిందంటే దాని గురించి మీకు తెలిసింది ఒక్కటే, అది ఇండ్ ఏఎస్ పాటిస్తోందని. ఆ లెక్కన వదిలేయాల్సి వస్తే ఫైనాన్స్ రంగం తప్ప మన మార్కెట్ మొత్తాన్నీ వదిలేయాలి.

అయితే ఎంపిక ఉన్న చోట ఉద్దేశాన్ని అనుమానించడంలో తప్పు లేదు. ఐఎఫ్‌ఆర్‌ఎస్ అనే అంతర్జాతీయ ప్రమాణాలు పాటించే యూరప్ కంపెనీల మీద ఎలిజబెత్ గార్డన్, మరి కొందరు అకౌంటింగ్ ప్రొఫెసర్లు చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. అప్పుల భారం ఎక్కువున్నవీ, ఇబ్బందుల్లో పడే అవకాశం ఉన్నవీ, తరచూ షేర్ల ద్వారా డబ్బు సేకరించేవీ ఆపరేటింగ్ క్యాష్ ఎక్కువగా కనిపించే సెక్షన్‌ని ఎంచుకునే మొగ్గు చూపాయని అందులో తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. బ్యాంకరూ, ఇన్వెస్టరూ ముందు చూసేది ఆపరేటింగ్ టోటల్‌నే. అలాగని అందరిదీ అదే కారణం అనలేం. ఆ దేశంలో పాత ప్రమాణం నేర్పిన అలవాటు, అదే రంగంలోని పోటీ కంపెనీలతో పోల్చుకోవడానికి వీలు, ఇవి కూడా నిర్ణయిస్తాయి. పైగా ఈ వెసులుబాటుకి అక్కడా గడువు దగ్గర పడింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 18తో పాటు ఐఏఎస్ 7నీ సవరించారు. 2027 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే సంవత్సరాల నుంచి మామూలు కంపెనీలన్నీ వడ్డీ, డివిడెండ్ చెల్లింపుల్ని ఫైనాన్సింగ్‌లో, రాబడుల్ని ఇన్వెస్టింగ్‌లో చూపించాలి. అంటే మనం ఎప్పటినుంచో చేస్తున్నదే.

మూడో మాటలో సగమే నిజం. అమెరికాలో 1987లో వచ్చిన 95వ నంబరు ప్రమాణం వడ్డీ చెల్లింపుని ఆపరేటింగ్‌లో పెట్టమంది. అది రూలు, అక్కడి కంపెనీల నిజాయితీకి కొలత కాదు. నికర లాభం లెక్కలోకి వచ్చే అంశాలు ఆపరేటింగ్‌లోనే ఉండాలనేది దాని వెనక ఉన్న తర్కం. అదే తర్కంతో వచ్చిన వడ్డీ, డివిడెండ్లు కూడా ఆపరేటింగ్‌లోకే చేరతాయి. కాబట్టి బ్యాంకులో పెద్ద నిల్వ పెట్టుకుని కూర్చున్న కంపెనీకి ఆపరేటింగ్ క్యాష్ పెరిగినట్టు కనిపించేది అమెరికా పద్ధతిలోనే, మన పద్ధతిలో కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పు ఇచ్చినవాడికి కట్టే వడ్డీ ఆపరేటింగ్, వాటాదారుకి ఇచ్చే డివిడెండ్ ఫైనాన్సింగ్. రెండూ పెట్టుబడి పెట్టినవాళ్లకి ఇచ్చే ప్రతిఫలమే కదా అన్న అభ్యంతరం ఆ ప్రమాణాన్ని ఆమోదించిన బోర్డులోనే వచ్చింది, కొందరు సభ్యులు అసమ్మతి రాశారు. అందుకే హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌ని అమెరికా జెనెరిక్ కంపెనీ వయాట్రిస్ పక్కన పెట్టి రెండింటి ఆపరేటింగ్ క్యాష్‌నీ నేరుగా పోల్చకూడదు. వయాట్రిస్ లెక్కలో వడ్డీ పోగా మిగిలింది ఉంటుంది, డాక్టర్ రెడ్డీస్ మన దేశంలో ఇచ్చే లెక్కలో వడ్డీకి ముందుది ఉంటుంది.

నాలుగోది నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపిస్తుంది. మొదటి మూడూ వాదన వరకే, దీన్ని నమ్మి జనం డబ్బు పెడుతున్నారు. ఒక ఊహా కంపెనీతో లెక్క వేసి చూద్దాం.

మన స్పిన్నింగ్ మిల్లు అమ్మకాల డబ్బు రాబట్టి, పత్తికి, కూలీలకి, కరెంటుకి, పన్నులకి కట్టాక 100 కోట్లు మిగిలాయి. అప్పుల మీద వడ్డీ 30 కోట్లు కట్టింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద వడ్డీ, షేర్ల మీద డివిడెండ్ కలిపి 6 కోట్లు వచ్చాయి. వాటాదారులకి 10 కోట్ల డివిడెండ్ ఇచ్చింది. యంత్రాలకి 40 కోట్లు, అప్పు అసలుకి 15 కోట్లు పోయాయి. ఏడాది చివర చేతిలో పెరిగిన డబ్బు 11 కోట్లు. ఈ 11 ఎక్కడా మారదు, సెక్షన్లే మారతాయి.

మన పద్ధతిలో ఆపరేటింగ్ 100, ఇన్వెస్టింగ్ మైనస్ 34, ఫైనాన్సింగ్ మైనస్ 55. అమెరికా పద్ధతిలో 30 తీసి 6 కలిపితే ఆపరేటింగ్ 76. పాత ఐఏఎస్ 7 ఎంపికల్ని వాడుకుంటే ఇదే మిల్లు 60 దాకా తగ్గించి చూపించగలదు, 106 దాకా పెంచీ చూపించగలదు.

ఇప్పుడు నికర లాభం. తరుగుదల 25 కోట్లు, బకాయిల్లో, నిల్వల్లో మార్పేమీ లేదనుకుందాం. 100 నుంచి తరుగుదల 25, వడ్డీ 30 తీసేసి, 6 కలిపితే లాభం 51 కోట్లు. ఈ 51 వడ్డీ కట్టాక మిగిలింది. దాని పక్కన పెడుతున్న 100 వడ్డీ కట్టకముందుది. రెండింటినీ భాగిస్తే 196 శాతం వస్తుంది. చూడ్డానికి అద్భుతం. కానీ అందులో పెద్ద భాగం అప్పు వల్ల వచ్చింది. అప్పు ఎంత ఎక్కువైతే ఈ నిష్పత్తి అంత అందంగా కనిపిస్తుంది. ఇంకోటి, వడ్డీ వల్ల పన్నులో ఆదా అయిన డబ్బు మాత్రం ఆపరేటింగ్‌లోనే ఉండిపోతుంది, ఎందుకంటే పన్ను చెల్లింపు అక్కడే రాస్తారు.

మరుసటి ఏడాది లాభం అదే 51, మిగతా అంకెలూ అవే, కానీ బట్టల మిల్లుల దగ్గర 30 కోట్ల బకాయి ఇరుక్కుపోయిందనుకోండి. ఆపరేటింగ్ క్యాష్ 70కి పడుతుంది. 70ని 51తో భాగిస్తే 137 శాతం. సింపుల్ రూల్ ప్రకారం కంపెనీ ఇంకా పాసే. వడ్డీ తీసి, రాబడి కలిపి చూస్తే 46 కోట్లు, అంటే లాభంలో 90 శాతం. లాభం పూర్తిగా డబ్బుగా మారడం లేదని అప్పుడు గానీ తెలియదు. ఆ లోటు పూడ్చుకోవడానికి మిల్లు వర్కింగ్ క్యాపిటల్ లోన్ పెంచుకుంటుంది, దాంతో వడ్డీ పెరుగుతుంది, ఆ వడ్డీ మళ్లీ ఆపరేటింగ్ బయటే ఉంటుంది.

అద్దె షాపులతో నడిచే రిటైల్ కంపెనీల్లో ఈ తేడా ఇంకా గట్టిగా ఉంటుంది. 2019-20 నుంచి లీజుల ప్రమాణం ఇండ్ ఏఎస్ 116 వచ్చాక దీర్ఘకాలపు లీజు అద్దెలో అసలు భాగం, వడ్డీ భాగం రెండూ ఫైనాన్సింగ్‌లోకి వెళ్లాయి. అద్దె కట్టకముందు మిగిలిన డబ్బుని చూసి వ్యాపారం బాగుందనుకుంటే మోసపోతాం.

కాబట్టి లాభంతో పోల్చాలంటే ముందు సవరణ చేయాలి. స్టేట్‌మెంట్‌లో ఆపరేటింగ్ సెక్షన్ మొదట్లో పన్నుకి ముందు లాభం ఉంటుంది. దాని కింద ఫైనాన్స్ కాస్ట్స్ పేరుతో వడ్డీ ఖర్చు కలిపి, వడ్డీ, డివిడెండ్ ఆదాయాన్ని తీసేసిన లైన్లు కనిపిస్తాయి. ఫైనాన్సింగ్ సెక్షన్‌లో కట్టిన వడ్డీ, ఇన్వెస్టింగ్‌లో వచ్చిన వడ్డీ, డివిడెండ్ ఉంటాయి. ఆపరేటింగ్ టోటల్ లోంచి మొదటిది తీసి, రెండోది కలిపి, లీజు చెల్లింపులుంటే అవి కూడా తీసేయండి. ఆ అంకెనే లాభం పక్కన పెట్టాలి. లీజు అసలు తీసేసినప్పుడు లీజు ఆస్తి మీద వేసిన తరుగుదల లాభంలో ఇప్పటికే పోయి ఉంటుంది, కాబట్టి పోలిక సరిగానే ఉంటుంది.

అదే పనిలో ఇంకో చూపు చూడండి. పైన కలిపిన ఫైనాన్స్ కాస్ట్స్, కింద కట్టిన వడ్డీ కాస్త అటూ ఇటూగా ఉండటం సహజం. కట్టింది బాగా తక్కువగా ఉంటే, అది కూడా వరసగా రెండు మూడేళ్లుంటే, బ్యాలెన్స్ షీట్ నోట్స్‌లో చెల్లించాల్సిన వడ్డీ బకాయి పెరుగుతోందేమో వెతకండి. వడ్డీ కట్టలేని కంపెనీకి ఆ ఖర్చు పైన కూడబడుతుంది, కింద తీసివేత ఏమీ కనిపించదు. కట్టింది ఎక్కువగా ఉంటే నిర్మాణంలో ఉన్న ప్లాంటు ఖర్చులో కలిపేసిన వడ్డీ ఉండొచ్చు, అది లాభనష్టాల ఖాతాకి రాకుండా ఆస్తి విలువలో చేరుతుంది. అలా ఎంత వడ్డీ కలిపారో నోట్స్‌లో చెప్పి తీరాలి. స్టేట్‌మెంట్‌లో వడ్డీ ఏ సెక్షన్‌లో ఉందని అడగడం కన్నా ఈ రెండు అంకెల మధ్య తేడా ఎందుకొచ్చిందని కంపెనీని అడగడం మేలు.