మంచం దిగితే నరం తెగిపోతుందట!

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది. నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి, అదే సయాటికాతో బాధపడుతున్న మా తమ్ముడు వరండాలో ఓ పది నిమిషాలు నడిచాడని తెలిసి పెద్దమ్మ నన్ను దులిపేసింది. "వాణ్ణి నడిపిస్తున్నావటే? నరం తెగిపోతే? మూడు వారాలు మంచం దిగనివ్వకు!" అట. నరం ఏమైనా దారప్పోగా, నడిస్తే తెగడానికి?

అసలు తగాదా కాల్లో లేదు మహాప్రభో, నడుములో ఉంది. ఎక్కువమందిలో జరిగేది ఇదే: వెన్నుపూసల మధ్య డిస్క్ ఉబ్బో, చిట్లో నరం వేరును తాకుతుంది, అక్కడ వాపు వస్తుంది. నొప్పి మాత్రం పిరుదు నుంచి పిక్క మీదుగా పాదం దాకా కరెంటు షాక్‌లా దిగుతుంది. ఇది తెలియక వచ్చినవాళ్ళంతా పాపం వాడి పిక్కే పిసికారు.

నొప్పి భరించలేనప్పుడు ఒకటి రెండు రోజులు పడుకుంటే పడుకోండి, ఎవరు వద్దన్నారు? వారాల తరబడి పడుకుంటే మాత్రం నరం త్వరగా కోలుకోదు, కండరాలు నీరసిస్తాయి, కీళ్ళు బిగుసుకుంటాయి. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఈలోగా చదునైన చోట కొద్దికొద్దిగా రోజుకు నాలుగైదు సార్లు నడవాలి, అరగంటకోసారి కుర్చీలోంచి లేవాలి. పొద్దున్నే మోకాళ్ళు వంచకుండా పాదాలు అందుకునే వీరవిద్యలు మాత్రం వద్దు. రాత్రంతా నీరు పీల్చుకుని డిస్క్ బిగిసి ఉంటుంది, పైగా ఆ సాగదీతకు నరం కూడా లాగుతుంది.

నిన్న నడిచాక తమ్ముడు, "అక్కా, పిక్కలో నొప్పి పోయింది, నడుములో పెరిగింది" అన్నాడు. పెద్దమ్మకు అది చాలు, "చూశావా, ముదిరింది!" అనడానికి. ముదరలేదు! నొప్పి కింది నుంచి పైకి, నడుము వైపు జరగడం మంచి సూచన. అదే మోకాలి కిందకి ఇంకా దిగుతుంటే ఆ కదలిక ఆపాలి. మూత్రం రాక ఆగిపోయినా, అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, పాదం ఎత్తలేక ఈడుస్తున్నా మాత్రం నడకా లేదు, మంచమూ లేదు, వెంటనే ఆసుపత్రికి పరుగే.

సరే, ఇంత బెడ్ రెస్ట్ భక్తి ఉన్న పెద్దమ్మ, ఇదే నొప్పి నాకు వచ్చినప్పుడు ఏమందో తెలుసా? "ఆడపిల్లకి నడుము నొప్పి ఏమిటే, నాలుగు పనులు చేస్తే అదే పోతుంది" అంది. అన్న నోటితోనే నీళ్ళ బకెట్లు మోయించింది, వంగి ఇల్లంతా తుడిపించింది. నొప్పికి నేను మధ్యలో గోడ పట్టుకుని నిలబడితే, "ఆ మూల కూడా చెయ్యి" అని చెయ్యి చూపించింది. అప్పుడు నా నరం తెగుతుందన్న బెంగ ఒక్కరికీ పుట్టలేదు మరి!