సవరణ: జ్వరం లెక్కలో దశాంశం తీసేయకండి

"పాపకు థర్మామీటర్ 101.7 ఫారన్‌హీట్ చూపించింది. సెల్సియస్‌లోకి మార్చాక దశాంశం వదిలేయమని మీరు రాసినట్టే, రౌండ్ చేసి 39 అని దుబాయ్‌లో ఉన్న మా ఆయనకు చెప్తే టెన్షన్ పడ్డారు. లెక్క వేస్తే 38.72 వస్తోంది. ఏది రాయాలమ్మా?"

38.7 రాయండి. తప్పు నాదే. నల్లగొండలో మా వరండా గోడ మీది థర్మామీటర్‌ను చూసి ఆ మాట రాశాను. దాని గీతలు సెల్సియస్ డిగ్రీకి ఒకటి. ఎర్రగీత 43 దగ్గర ఉంటే అసలు వేడి 42.5 నుంచి 43.5 దాకా ఎంతైనా కావచ్చు, అంటే 108.5 నుంచి 110.3 ఫారన్‌హీట్. అక్కడ 109.4 అని రాయడం గొప్పకే, 109 చాలు.

జ్వరానికి అలా కుదరదు. 39ని వెనక్కి మారిస్తే 102.2 అవుతుంది. లేని అర డిగ్రీ జ్వరం నేనే ఎక్కించినట్టయింది.

అలాగని 38.72లో ఆ చివరి 2ను కూడా నమ్మకండి. ఇంట్లో వాడే డిజిటల్ థర్మామీటర్‌కు సాధారణంగా 0.2 ఫారన్‌హీట్ అటూఇటూ తేడా ఉంటుంది. అంటే 101.5 నుంచి 101.9, సెల్సియస్‌లో 38.6 నుంచి 38.8. పాప చంకలో సరిగా పెట్టకపోతే తేడా ఇంకా పెద్దది. డాక్టరుకైతే మార్చకుండా స్క్రీన్ మీది 101.7నే చెప్పండి.