1912కు ఎంతమంది కావాలి?

ఎండాకాలం సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే ముందు పోయేది కరెంటు, ఆ వెంటనే మోగేది కరెంటు ఫిర్యాదుల నంబరు 1912. ఆ సమయంలో లైను దొరకడం గగనమని వినియోగదారులు ఏటా మొత్తుకుంటూనే ఉంటారు. దానికి వినిపించే సంజాయిషీలు రెండే. కాల్స్ ఊహించని స్థాయిలో వచ్చాయన్నది ఒకటి. సిబ్బంది సెలవులు పెట్టారన్నది రెండోది. ఈ రెంటిలో ఏదీ ఊహకు అందనిది కాదన్నదే మా అభ్యంతరం. మే నెలలో గాలివానలు వస్తాయని ఫిబ్రవరిలోనే తెలుసు. వందమందిని పెట్టుకుంటే వందమందీ రోజూ రారని ఏ టీమ్ లీడర్‌నడిగినా చెబుతాడు.

కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలు 24 గంటలూ పనిచేసే టోల్ ఫ్రీ కాల్ సెంటర్ పెట్టి తీరాలని విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు 2020లోనే చెప్పాయి. నంబరు ఉంది, హాలు ఉంది, కంప్యూటర్లు ఉన్నాయి. ఏ నెలలో, ఏ గంటలో ఎంతమంది హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చోవాలన్న లెక్క దగ్గరే బండి ఆగుతోంది. ఏడాది పొడవునా ఇన్ని సీట్లని టెండర్‌లో ఒకే అంకె రాసుకుంటే జనవరిలో కుర్చీలు ఖాళీగా ఉంటాయి, మేలో జనం లైన్లో ఉంటారు.

లెక్క మొదలయ్యేది పోయిన ఏడాది కాల్స్ దగ్గర. తొలి తప్పు కూడా అక్కడే జరుగుతుంది. పోయిన మేలో ఎత్తిన కాల్స్ ఎన్నో చూసి, దానికి కొంత శాతం కలిపి ఈ మే అంచనా అంటారు. ఎత్తిన కాల్స్ అంటే అప్పుడున్న మనుషులు ఎత్తగలిగినవి మాత్రమే. విసిగి పెట్టేసినవారు ఆ లెక్కలో లేరు. లైన్లన్నీ నిండి బిజీ టోన్ విన్నవారైతే కాల్ సెంటర్ సాఫ్ట్‌వేర్‌కే కనపడరు. కాల్ సెంటర్లు వాడే పీఆర్ఐ అనే డిజిటల్ టెలిఫోన్ లైను ఒక్కోదానిలో ఒకేసారి పట్టేది 30 కాల్సే. ముప్పై ఒకటో మనిషి గోడు టెలిఫోన్ కంపెనీ రికార్డుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఇక పెట్టేసినవారు ఊరుకోరు, అదే నంబరు నుంచి మళ్లీ మళ్లీ కొడతారు. ఒక్క ఫిర్యాదు నాలుగు కాల్స్‌గా నమోదవుతుంది. అందుకే బిజీ అయినవీ వదిలేసినవీ కలుపుకోవాలి, అరగంటలోపు అదే నంబరు నుంచి వచ్చినవాటిని ఒకటిగా లెక్కగట్టాలి. ఈ శుభ్రం చేయకుండా వేసిన అంచనా నిరుటి సిబ్బంది కొరతనే ఈ ఏటి అవసరంగా చూపిస్తుంది.

అసాధారణమైన రోజులను విడిగా తీసి పెట్టుకోవడం కూడా ఇందులో భాగమే. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ వారాన్ని మామూలు సెప్టెంబరు కింద జమకడితే ఆ తర్వాతి ఏడాదుల అంచనా అంతా వంకర పోతుంది. అలాగని చెరిపేయమనడం లేదు. వరదకు వేరే పట్టిక ఉండాలి.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. ఇది ఏ డిస్కం లెక్కా కాదు, ఉదాహరణ కోసం వేసుకున్నది. మే నెలకు శుభ్రం చేసిన అంచనా 1,24,000 కాల్స్ అనుకుందాం. అంటే రోజుకు సగటున 4,000. ఒక్కో కాల్‌కు మాట్లాడటం, ఫిర్యాదు నమోదు చేయడం కలిపి 4 నిమిషాలు. ఆఫీసులో కూర్చున్న అకౌంటెంట్ దీన్ని సులువుగా తేల్చేస్తాడు. 1,24,000ను 4తో గుణిస్తే సుమారు 8,267 గంటల పని. ఒక ఉద్యోగి నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 208 గంటలు. భాగిస్తే 40 మంది. ఫైలు మీద సంతకం పడిపోతుంది.

కానీ కాల్స్ నెలంతా సమానంగా పరుచుకుని రావు. తెల్లవారుజామున 3 గంటలకు ఫోన్ చేసేవారు తక్కువ. రాత్రి 7 నుంచి 7.30 మధ్య ఇంట్లో అందరూ ఉంటారు, ఏసీలు నడుస్తుంటాయి, ఫ్యూజులు పోతుంటాయి. రోజు మొత్తం కాల్స్‌లో 6 శాతం ఆ అరగంటలోనే వస్తాయనుకుంటే 240 కాల్స్. ఒక్కోటి 4 నిమిషాల చొప్పున 960 నిమిషాల పనిని 30 నిమిషాల్లో చేయాలి. అంటే 32 మంది ఊపిరి సలపకుండా మాట్లాడుతూనే ఉండాలి.

ఆ 32 మందిని కూర్చోబెడితే చాలదు. కాల్స్ వరసగా ఒకటి అయ్యాక ఒకటి రావు, గుంపుగా వచ్చి పడతాయి. ఎంత గుంపుకు ఎంతసేపు వేచి ఉండాల్సి వస్తుందో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1917లోనే సూత్రం కట్టాడు. ఆ సూత్రాన్ని ఈ రోజు మామూలు ఎక్సెల్ షీట్‌లోనూ వేసుకోవచ్చు. దాని ప్రకారం నూటికి 80 కాల్స్‌ను 20 సెకన్లలోపు ఎత్తాలంటే 37 మంది కుర్చీల్లో ఉండాలి. అప్పుడు సగటున వేచి ఉండేది 14 సెకన్లు. ముగ్గురు తగ్గి 34 మందే ఉంటే అది 77 సెకన్లవుతుంది. ఇంకొకరు కూడా తగ్గితే 3 నిమిషాలు దాటుతుంది. 32 దగ్గర ఇక లెక్కే లేదు, ఆ ఒత్తిడి ఉన్నంతసేపూ క్యూ పెరుగుతూనే పోతుంది. ఒకరిద్దరు రాకపోతే ఏమవుతుందిలే అనే మాట మామూలు ఆఫీసులో చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు.

ఈ సూత్రానికి ఒక లోపం ఉంది, అదీ చెప్పాలి. ఫోన్ చేసినవారు ఎవరూ విసిగి పెట్టేయరని ఇది అనుకుంటుంది. నిజానికి పెట్టేస్తారు కాబట్టి అసలు క్యూ కాస్త పొట్టిగానే ఉంటుంది. ఆ మేరకు సూత్రం కొంచెం ఎక్కువమందిని అడుగుతుందని వాదించవచ్చు. కరెంటు లేక చీకట్లో కూర్చున్న మనిషి విసిగి ఫోన్ పెట్టేయడాన్ని సిబ్బంది ఆదాగా చూపించడం మాకు సమ్మతం కాదు.

కుర్చీలో 37 మంది ఉండాలంటే రోస్టర్‌లో ఎంతమంది ఉండాలి? షిఫ్ట్‌కు వచ్చినవారు కూడా మొత్తం సమయం లైన్లో ఉండరు. టీ, భోజనం, బాత్‌రూమ్, టీమ్ మీటింగ్, హ్యాంగ్ అయిన సిస్టమ్, అన్నీ కలిపి 15 శాతం సమయం పోతుందనుకుందాం. అసలు రానివారు, ముందే చెప్పి సెలవు పెట్టినవారితో సహా, 10 శాతం. ఎక్కువమంది ఇక్కడ 15కు 10 కలిపి 25 అంటారు, 37 మీద 25 శాతం వేసి 46తో సరిపెడతారు. ఆ 46 మందిలో 10 శాతం రాక, వచ్చినవారి సమయంలో 15 శాతం పోగా లైన్లో మిగిలేది 35 మందే. అందుకే పైన వేయకూడదు, భాగించాలి. 37ను 0.85తో, ఆ వచ్చినదాన్ని 0.90తో భాగిస్తే 49. అందరికీ వారానికో రోజు వీక్లీ ఆఫ్ ఉంటుంది కనుక ఆరు రోజుల పనికి ఏడు రోజుల మనుషులు కావాలి. అలా 58కి చేరతాం. అకౌంటెంట్ మొత్తం సెంటర్‌కు 40 మంది చాలన్నాడు. సాయంత్రం షిఫ్ట్ ఒక్కదానికే 58 మంది పేర్లు కావాలి.

వీళ్లందరినీ 8 గంటలు కూర్చోబెట్టాలని మేము అనడం లేదు. సాయంత్రం 6 నుంచి 10 వరకు నాలుగు గంటల షిఫ్ట్ పెడితే చదువుకునే పిల్లలు, ఇంటిపట్టున ఉండే మహిళలు చాలామంది ముందుకొస్తారు. మధ్యాహ్నం కుర్చీలు ఖాళీగా ఉండే ఖర్చూ తప్పుతుంది.

అసలు చిక్కు ఆ 10 శాతం దగ్గర ఉంది. అది ఏడాది సగటు, ఏ ఒక్క రోజుదీ కాదు. కరెంటు కాల్ సెంటర్‌కు ఉన్న శాపం ఏమిటంటే, కాల్స్ పెంచే గాలివానే మనుషులనూ ఆపుతుంది. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లలో బైక్ ఆగిపోయినవాడు, క్యాబ్ దొరకని అమ్మాయి, ఇద్దరూ ఆ సాయంత్రం షిఫ్ట్‌వాళ్లే. పై ఉదాహరణలో ఆ రోజు 10కి బదులు 18 శాతం మంది రాలేదనుకోండి. 49 మందిలో వచ్చేది 40, లైన్లో ఉండేది 34. కాల్స్ ఒక్క పదోవంతు పెరిగినా పని 35 మందికి సరిపడా అవుతుంది. ఇక ఆ క్యూ తరగదు. కాల్స్‌ను ఒక పట్టికలోనూ గైర్హాజరును మరో పట్టికలోనూ వేసి చివర్లో కలిపే పద్ధతికి ఈ సంగతి ఎన్నటికీ అందదు. వాన పడిన రోజుల హాజరును మామూలు రోజుల నుంచి విడదీసి చూస్తే ఒక్క పూటలో తేలిపోతుంది.

పండగలదీ ఇదే కథ. సంక్రాంతి జనవరి నడుమ నుంచి కదలదు. వినాయక చవితి 2024లో సెప్టెంబరు 7న వస్తే 2025లో ఆగస్టు 27న వచ్చింది. ఉగాది 2024లో ఏప్రిల్‌లో వస్తే 2025లో మార్చిలోనే అయిపోయింది. పోయిన సెప్టెంబరు సెలవులను చూసి ఈ సెప్టెంబరు రోస్టర్ వేస్తే పండగ ఒక నెలలో, మనుషులు మరో నెలలో ఉంటారు. గోడ మీది పంచాంగం క్యాలెండర్ చూస్తే తప్పే పొరపాటు ఇది.

సెలవు పెట్టినవారిని తప్పుపట్టడం మానాలి. మేలో సెలవులు రద్దు అని సర్క్యులర్ ఇస్తే చెప్పి పెట్టే సెలవు చెప్పకుండా పెట్టేదిగా మారుతుంది, అంతే. ముందు తెలిసిన సెలవుకు మనిషిని సర్దుకోవచ్చు. సాయంత్రం 5.30కు వచ్చే ‘ఒంట్లో బాగోలేదు’ మెసేజ్‌కు సర్దుకోలేం.

డిస్కంలను మేము అడిగేది రెండు. కాల్ సెంటర్ టెండర్లలో ఏడాదికి ఒక సీట్ల సంఖ్య కాక, నెలవారీగా రద్దీ అరగంటకు ఎంతమంది లైన్లో ఉండాలో రాయాలి. బిల్లు చెల్లించేటప్పుడు జీతాల పట్టిక కాక ఆ అరగంటల లాగిన్ రికార్డు చూడాలి. విద్యుత్ నియంత్రణ మండళ్లు ఆ రికార్డును వదిలేసిన కాల్స్‌తో సహా నెలనెలా వెబ్‌సైట్‌లో పెట్టించాలి. కొత్తగా చేరినవారికి ఫ్యూజ్ ఆఫ్ కాల్‌కూ ట్రాన్స్‌ఫార్మర్ ఫిర్యాదుకూ తేడా తెలిసి, సొంతంగా కాల్ ఎత్తడానికి నెల రోజులు పడుతుంది. మధ్యలో మానేసేవారు ఉండనే ఉంటారు. మే మొదటి తేదీన 58 మంది సిద్ధంగా ఉండాలంటే నియామకాల ఉత్తర్వు ఫిబ్రవరి నెలాఖరుకే బయటికి రావాలి.