అప్‌డేట్ ఇవ్వకపోతే కారణమైనా చెప్పాలి

‘మీ ఫోనులో ఉన్నదే తాజా వెర్షన్’ అని తెర మీద కనిపిస్తే నేను వెంటనే నమ్మను. అప్‌డేట్ సర్వర్లతో పనిచేసేవాణ్ణి కాబట్టి ఆ మాట వెనక జరిగేది నాకు తెలుసు. ఫోను అడిగిన ప్రశ్నకు సర్వర్ చెప్పింది ‘నీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు’ అని మాత్రమే. దాన్ని ‘నీ దగ్గరున్నదే తాజాది’ అని తెర మీద చూపించింది కంపెనీ. ఒక దేశంలో కొన్న ఫోనును మరో దేశంలో వాడే మనలాంటివాళ్లకు ఈ రెండు మాటల మధ్య దూరం ఇతరులకన్నా ఎక్కువగా ఎదురవుతుంది. ఒకే ఇంట్లో, ఒకే పేరున్న రెండు ఫోన్లలో ఒకదానికి కొత్త వెర్షన్ వచ్చి రెండోదానికి రాకపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు.

సర్వర్ తనంతట తాను మీ ఫోనును వెతుక్కుంటూ రాదు. ఫోనే అప్పుడప్పుడూ సర్వర్‌ను పలకరిస్తుంది. ఆ పలకరింపులో ముఖ్యంగా మూడు సంగతులుంటాయి: నేను ఏ మోడల్, నాది ఏ రీజియన్, ఇప్పుడు నాలో నడుస్తున్న బిల్డ్, అంటే కంపెనీ తయారుచేసి ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ప్రతి, ఏది. సర్వర్ దగ్గర నిబంధనల పట్టిక ఒకటి ఉంటుంది. పై వరుస నుంచి చూసుకుంటూ వచ్చి, మూడు సంగతులూ సరిపోయిన మొదటి వరుసలో ఏముందో అది ఇస్తుంది. ఏ వరుసా సరిపోకపోతే ఖాళీ జవాబు పంపుతుంది.

మోడల్ అంటే పెట్టె మీద అచ్చయిన పేరు కాదు. ఒకే పేరుతో అమ్మే ఫోన్లలో వేర్వేరు చిప్‌లు, వేర్వేరు మోడెమ్‌లు ఉండవచ్చు. వాటిని వేరుచేసేది సెట్టింగ్స్‌లో కనిపించే మోడల్ నంబరు, దాని చివరి అక్షరంతో సహా. ఆండ్రాయిడ్‌లో ప్రతి బిల్డ్‌కూ ఈ వివరాలన్నీ కలిపి కట్టిన గుర్తింపు ఒకటి ఉంటుంది. `ro.build.fingerprint` అనే ఆ గుర్తింపు ఈ అమరికలో ఉంటుంది:

```
brand/product/device:release/id/incremental:type/tags
```

రీజియన్ విషయంలో అపోహలు ఎక్కువ. మీరు ఇప్పుడు ఏ దేశంలో ఉన్నారన్నది సాధారణంగా ఇక్కడ లెక్కలోకి రాదు. ఫోను ఏ మార్కెట్ కోసం తయారైందో తెలిపే కోడ్ అందులోనే రాసి ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో మొదటిసారి వేసిన సిమ్‌ను బట్టి అది స్థిరపడుతుంది. రేడియో నియమాలు, టెలికాం సంస్థల పరీక్షలు, ముందే వేసి ఇచ్చే యాప్‌లు ఒక్కో మార్కెట్‌లో ఒక్కోలా ఉంటాయి కనుక అదే వెర్షన్ ఒక రీజియన్‌లో విడుదలై, మరో రీజియన్‌లో వారాల తరబడి ఆగవచ్చు. మీరు విమానం దిగినంత మాత్రాన ఆ కోడ్ మారదు. అందుకే పక్కింటివారి ఫోనుతో పోల్చుకోవడం చాలాసార్లు వృథా.

అసలు చిక్కు మూడో ప్రశ్నలో ఉంది. ‘ఇప్పుడున్న బిల్డ్ ఏది?’ అన్నది చూడటానికి చిన్న పోలికే. పాతదైతే కొత్తది ఇవ్వాలి, అంతే కదా అనిపిస్తుంది. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. `X200-G` అనే మోడల్ రెండు రీజియన్లలో అమ్ముడవుతోంది, తాజా వెర్షన్ 5.0.2. పట్టిక ఇలా ఉంది. ఇందులో `full` అంటే పూర్తి ప్యాకేజీ, `delta` అంటే తేడాల ప్యాకేజీ, `*` అంటే ఏ రీజియన్ అయినా:

```
row  model   region  current      offer
1    X200-G  *       below 4.3.0  4.3.0 full
2    X200-G  R1      4.3.0        5.0.2 delta
3    X200-G  R2      4.3.0        5.0.2 delta
```

మొదటి వరుస చూస్తే 4.1లో ఉన్న ఫోనుకు నేరుగా 5.0.2 ఎందుకు ఇవ్వరన్న సందేహం వస్తుంది. 4.3.0 ఇక్కడ దాటి తీరాల్సిన మజిలీ. నిల్వలో విభాగాల అమరికో, అప్‌డేట్ల సంతకాన్ని సరిచూసే తాళంచెవో ఆ వెర్షన్‌లో మారిందనుకోండి. పాత ఫోనుకు 5.0.2 ప్యాకేజీని చదవడమే రాదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు అప్‌డేట్లు పంచే బాల్‌రాగ్ సర్వర్‌లోనూ ఇలాంటి తప్పనిసరి మజిలీలున్నాయి. చాలా పాత వెర్షన్ వాడేవారు అంచెలంచెలుగానే పైకి రావాలి.

ఇప్పుడు అసలు కథ. రెండో రీజియన్‌లో ఒక టెలికాం సంస్థ నెట్‌వర్క్ మీద కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయనుకుందాం. కంపెనీ హడావుడిగా 4.3.1 అనే చిన్న సవరణ తయారుచేసి ఆ రీజియన్‌కు మాత్రమే పంపింది. తర్వాత పట్టికను పైన చూపినట్టు మార్చింది. 4.3.1లో ఉన్న ఫోను సర్వర్‌ను అడిగితే ఏమవుతుంది? మొదటి వరుస వర్తించదు, ఎందుకంటే ఇది 4.3.0 కన్నా పాతది కాదు. రెండో వరుస వేరే రీజియన్‌ది. మూడోది సరిగ్గా 4.3.0 ఉన్నవారికే. పట్టిక అయిపోయింది, ఖాళీ జవాబు వెళ్లింది. తెర మీద మాత్రం ‘మీది తాజా వెర్షన్’. సవరణను బద్ధకించి వేసుకోనివారికి 5.0.2 వచ్చింది. 4.1లో ఏళ్లుగా కూర్చున్నవారు కూడా రెండంచెల్లో అక్కడికి చేరారు. చెప్పిన రోజే సవరణ వేసుకున్నవారు మాత్రం చిక్కుకుపోయారు.

మూడో వరుసలో ‘4.3.0, ఆపైన’ అని రాస్తే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. డెల్టా ప్యాకేజీలో కొత్త వెర్షన్ మొత్తం ఉండదు, పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడాలే ఉంటాయి. డౌన్‌లోడ్ చిన్నదవడానికి కారణం అదే. 4.3.0 మీద లెక్కగట్టిన తేడాలను 4.3.1 మీద వేస్తే ఫలితం చెడిపోతుంది. అందుకే ఆండ్రాయిడ్‌లో ఇలాంటి ప్యాకేజీలో `pre-build` అనే చోట అది ఏ బిల్డ్ మీద వేయడానికో రాసి ఉంటుంది. వేసే ముందు ఫోను తన నిల్వలోని భాగాలను సరిచూసుకుంటుంది, సరిపోకపోతే ఆపేస్తుంది. సర్వర్ పొరపాటున ఇచ్చినా ఫోను చెడిపోదు. కానీ అంత డేటా దించుకుని, విఫలమై, మర్నాడు మళ్లీ అదే దించుకుంటుంది. ఖాళీ జవాబు కన్నా ఇది మరీ చికాకు.

పోనీ, 4.3.1 వారికి పూర్తి ప్యాకేజీ ఇద్దాం. ఇక్కడ చాలామంది ఇంజినీర్లు కూడా ఊహించని గోడ ఒకటుంది. ఆండ్రాయిడ్ వెర్షన్ అంకెలు చూసి కొత్తదీ పాతదీ తేల్చదు, బిల్డ్ తయారైన సమయం చూస్తుంది. 5.0.2ను ముందే తయారుచేసి పరీక్షలకు పంపి, ఆ తర్వాత 4.3.1ను హడావుడిగా తయారుచేసి ఉంటే, కాలం లెక్కన 4.3.1 కొత్తది, 5.0.2 పాతది. ప్యాకేజీలోని `post-timestamp` ఫోనులో ఉన్న బిల్డ్ సమయం కన్నా వెనకటిది కావడంతో ‘ఈ ప్యాకేజీ ఇప్పుడున్నదానికన్నా పాతది’ అని ఫోనే తిరస్కరిస్తుంది. పాత లోపాలున్న వెర్షన్‌కు ఎవరూ వెనక్కి నెట్టకుండా పెట్టిన కాపలా అది, దాన్ని తప్పుపట్టలేం. పైగా ముందే తయారైన 5.0.2లో కాల్స్ సవరణ ఉండే అవకాశమూ తక్కువ. బలవంతంగా ఎక్కిస్తే కాల్స్ మళ్లీ తెగుతాయి. సవరణను కలిపి 5.0.3ను కొత్తగా తయారుచేయడమొక్కటే సరైన దారి. అప్పటిదాకా ఆ ఫోన్లను ఆపడమే న్యాయం. ఆపిన సంగతి వారికి చెప్పకపోవడమే అన్యాయం.

ఈ మౌనం కంపెనీ లోపల కూడా సమస్యే. సర్వర్ దృష్టిలో ఖాళీ జవాబు విజయవంతమైన జవాబు, లాగ్‌లో ఎర్ర గీత పడదు. 4.3.1 నుంచి వచ్చే ప్రశ్నలన్నీ ఖాళీ చేతులతో వెళ్తున్నాయని తెలియాలంటే, బిల్డ్ వారీగా ఖాళీ జవాబులను ఎవరో ఒకరు పనిగట్టుకుని లెక్కించాలి. పట్టిక మార్చిన ప్రతిసారీ ఇప్పటిదాకా విడుదలైన ప్రతి బిల్డ్‌నూ ప్రతి రీజియన్‌తో జతచేసి పట్టికలో నడిపించి, అది తాజా వెర్షన్‌దాకా చేరుతుందో లేదో చూడటం ఇంకా మంచిది. దారి తెగిన జంట ఒక్కటి కనిపించినా ఆ పట్టికను విడుదల చేయకూడదు. ఇదేమీ పెద్ద ప్రోగ్రాం కాదు. చేయని చోట్ల కారణం ఒకటే: అడిగేవారు లేరు.

నా వాదన అప్‌డేట్ అందరికీ ఒకేసారి ఇవ్వాలని కాదు. సందేహం ఉంటే ఇవ్వకపోవడమే మంచిది, తప్పు ప్యాకేజీ ఇవ్వడం కన్నా అది వెయ్యి రెట్లు నయం. కానీ ‘లేదు’ అన్న జవాబులో మూడు వేర్వేరు స్థితులు కలిసిపోతున్నాయి. మీ మోడల్‌కు ఇక రాదు అన్నది ఒకటి. మీ వంతు ఇంకా రాలేదు అన్నది రెండోది. మీ బిల్డ్‌కు మేం వరుస రాయలేదు అన్నది మూడోది. మొదటిది తెలిస్తే మనిషి కొత్త ఫోను గురించి ఆలోచిస్తాడు, రెండోది తెలిస్తే ఆగుతాడు, మూడోది తెలిస్తే ఫిర్యాదు చేస్తాడు. మూడింటికీ ఒకే మాట చెబితే ఏమీ చేయకుండా కూర్చుంటాడు.

వంతు విషయంలో ఒక పక్క మాట. కొత్త వెర్షన్‌ను మొదట కొంత శాతం మందికే తెరిచినప్పుడు, ఎవరికివ్వాలో కొన్ని సర్వర్లు ప్రతి ప్రశ్నకూ చీటీ తీసినట్టు తేలుస్తాయి. పది శాతానికే తెరిచి ఉంటే, రోజుకోసారి అడిగే ఫోనుకు వారంలో దొరికే అవకాశం సుమారు 52 శాతం. బాల్‌రాగ్‌లో ఈ చీటీ తనంతట జరిగే తనిఖీలకే వర్తిస్తుంది, వాడేవారు స్వయంగా అడిగితే నేరుగా ఇచ్చేస్తుంది. మరికొన్ని సర్వర్లు ఫోను గుర్తింపును బట్టి ఒకేసారి వంతు నిర్ణయిస్తాయి. అలాంటి చోట బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఫలితం లేదు.

కారణం చెప్పడం సాంకేతికంగా కష్టమన్న మాట నేను ఒప్పుకోను. క్రోమ్ బ్రౌజర్ అప్‌డేట్లకు గూగుల్ వాడే ఒమాహా ప్రోటోకాల్‌లో `noupdate` అనే జవాబు వేరు, హార్డ్‌వేర్ సరిపోదని చెప్పే `error-hwnotsupported` వేరు. అంటే జవాబులో చోటు కల్పించడం ఎప్పుడో జరిగిన పని. కారణాలు బయటపెడితే విడుదల ప్రణాళిక పోటీదారులకు తెలిసిపోతుందని కంపెనీలు అంటాయి. ‘మీ రీజియన్‌లో పరీక్షలు పూర్తికాలేదు’ అన్న వాక్యంలో దాచాల్సిన రహస్యం నాకైతే కనిపించదు. పాత ఫోన్లలోని సాఫ్ట్‌వేర్‌కు కొత్త రకం జవాబు అర్థం కాదన్నది మాత్రం నిజమైన ఇబ్బందే. కానీ అర్థంకాని అదనపు వివరాన్ని పట్టించుకోకుండా వదిలేసేలా జవాబును అమర్చుకోవచ్చు. పాతవాటికి ఇప్పటి మౌనమే ఉంటుంది, కొత్తవాటికి కారణం కనిపిస్తుంది.

అది వచ్చేదాకా, సేవా కేంద్రానికి రాసేటప్పుడు ‘అప్‌డేట్ రావడం లేదు’ అని ఊరుకోకండి. పూర్తి మోడల్ నంబరు, రీజియన్ కోడ్, వెర్షన్ అంకెతో ఆగకుండా మొత్తం బిల్డ్ నంబరు, మూడూ రాయండి. అదే రీజియన్‌లో, అదే మోడల్‌కు, మీకన్నా పాత బిల్డ్ నుంచి కొత్త వెర్షన్‌కు వెళ్లినవారు ఉంటే ఆ సంగతీ చేర్చండి. అది వంతు రాకపోవడం కాదు, పట్టికలో వరుస లేకపోవడమేమో అని అనుమానించడానికి అంతకన్నా మంచి ఆధారం వాడేవారి చేతిలో ఉండదు. వేరే రీజియన్ ఫైలును దించి ఎక్కించుకోమని సలహా ఇచ్చే స్నేహితుల మాట మాత్రం వినకండి. ఎక్కినా మోడెమ్ అమరికలు మీ నెట్‌వర్క్‌కు సరిపడకపోవచ్చు. పైగా అప్పటినుంచి మీ ఫోను పంపే మోడల్, రీజియన్, బిల్డ్‌ల కలయిక ఏ పట్టికలోనూ లేనిదవుతుంది.